కుక్కర్ మూత రాలేదు: తల్లీకూతుళ్ళ కథకు ఈ ముగింపు నిలబడుతుందా?

గోడపత్రిక_అనంత
ఎనిమిదో తరగతి పిల్లల గోడపత్రికకు ఒక చిన్న కథ రాస్తున్నాను. ముగింపు దగ్గర అనుమానం వచ్చి ఆగిపోయాను. ఇంతవరకు రాసింది ఇదీ.

శనివారం రాత్రి అమ్మ అయిదు లీటర్ల కుక్కర్లో ఉలవలు ఉడకేసింది. చివరి విజిల్‌కు ఆవిరితో పాటు గోధుమరంగు నీళ్ళు చిమ్మి స్టవ్ మీద పడినాయి. ఎనిమిదింటికి స్టవ్ ఆపి, చల్లారినాక తీద్దాంలే అని పడుకునింది. పొద్దున అయిదింటికి లేచి పిడి తిప్పితే మూత కదల్లేదు. "ఆవిరి ఇంకా దిగలేదేమోనే, దగ్గరికి రావద్దు" అని కూతురికి చెప్పింది. కూతురు గిన్నె మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంత చల్లగా ఉంటే ఆవిరి యాడుంటాది మా?" అని అడిగింది. అమ్మ కొళాయి కింద పెట్టి చన్నీళ్ళు పోసింది. అయినా రాలేదు.

నేను అనుకున్న ముగింపు: మళ్ళీ స్టవ్ మీద పెడతారు, కొత్త ఆవిరి పుట్టి మూతను పైకి తోస్తుంది, వచ్చేస్తుంది. ఇది సరైనదేనా? మా పిల్లలు ఊరికే ఒప్పుకునే రకం కాదు.

కొండారెడ్డిబురుజు
అమ్మ చెప్పిందే కరెక్ట్. లోపల ఆవిరి మిగిలింది, అందుకే బిగిసింది. చన్నీళ్ళు సరిపోయినట్టు లేవు. మూత మీద తడిగుడ్డ వేసి రెండు నిమిషాలు ధారగా పోస్తే దిగుతుంది. మళ్ళీ స్టవ్ మీద పెట్టడం తప్పు, ఉన్న ఆవిరికి ఇంకా చేరుతుంది.

పెన్నఒడ్డు
తొమ్మిది గంటలు గడిచాక ఆవిరి మిగలదు బురుజుగారూ. గిన్నె చెయ్యి పెట్టేంత చల్లగా ఉందని కథలోనే ఉంది కదా. మీరు చెప్పిన చన్నీళ్ళ పద్ధతి వేడి కుక్కర్‌కు పనికొస్తుంది. ఇక్కడ జరిగింది దానికి తిరగబడిన వ్యవహారం.

గోడపత్రికగారూ, రెండు సంగతులు చెప్పండి. మూత గిన్నె పైన కూర్చునేదా, లోపలికి దించి పైకి లాగి బిగించేదా? వాళ్ళు విజిల్ ఎత్తి చూశారా?

గోడపత్రిక_అనంత
పైన కూర్చునే మూతే, పిడి తిప్పి పిడి మీదికి తెచ్చేది. విజిల్ ఎత్తడం గురించి నేను ఆలోచించలేదు. అది అంత ముఖ్యమా?

సామానులంగడి_కడప
ముఖ్యమే సార్. మొత్తం కథ ఆడనే ఉండాది.

ముందు మూతల సంగతి. పైమూత కుక్కర్లో మూత అంచుకు లోపలి పక్క పళ్ళుంటాయి, గిన్నె అంచుకు బయటి పక్క పళ్ళుంటాయి. తిప్పితే ఒకదాని కింద ఒకటి దూరతాయి. లోపల ఆవిరి ఉన్నంతసేపు మూతను పైకి తోస్తాది, పళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, అందుకే తిరగదు. ఆవిరి దిగినాక పళ్ళు వదులైతాయి, ఒక్క చేత్తో తిరుగుతాది.

లోపలి మూత కుక్కర్లో పళ్ళు ఉండవు. మూత కోడిగుడ్డు ఆకారంలో ఉంటాది, ఏటవాలుగా లోపలికి దించి పైకి లాగి కొక్కెం తగిలిస్తారు. ఆవిరి దాన్ని లోపల్నించి అంచుకు అదిమి పెడతాది. ఆవిరి ఉన్నంతవరకు దాన్ని ఏ పైల్వానూ తీయలేడు, అది దిగినాక తనంతట తానే కిందికి జారుతాది.

ఇప్పుడు ఆవిరి కాకుండా, లోపల గాలి తక్కువై బిగిసిందనుకోండి. పైమూత గిన్నెకు అతుక్కుంటాది, లోపలి మూత అయితే లోపలికి జారి వదిలేస్తాది. అంటే సార్ రాసిన కథ పైమూత కుక్కర్లోనే జరగాల. ఆ ముక్క ఒక వాక్యంలో రాయండి, లేకుంటే ఇంట్లో లోపలి మూత కుక్కరున్న పిల్ల ఒప్పుకోదు.

కమలాపురం_చిట్టి
మాది లోపలి మూతే. అది కూడా పొద్దునకు చల్లారి, అయినా రాదు. మరి మీ లెక్క ప్రకారం జారిపోవాలి కదా?

సామానులంగడి_కడప
చిట్టమ్మా, పైకి లాగుతాండావా కిందికి నొక్కుతాండావా? లోపలి మూతను పైకి లాగితే ఇంకా బిగుస్తాది. కొక్కెం తీసి, మూత మధ్యలో అరచేత్తో కిందికి నొక్కు. రబ్బరు చుట్టూ గంజి ఎండి అంచుకు అతుక్కోనుంటాది, నొక్కితే "టప్" మని వదులుతాది. అట్ల కూడా రాకపోతే గిన్నె నిండా బియ్యం పోసి ఉంటావు, అన్నం ఉబ్బి మూతకు ఆనుకోని ఉంటాది.

కమలాపురం_చిట్టి
పైకే లాగుతున్నాను 🙂 రేపు నొక్కి చూస్తాను. బియ్యం మాత్రం సగానికి తక్కువే పోస్తాను.

పెన్నఒడ్డు
కథకు వస్తాను. కూతురి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. "ఇంత చల్లగా ఉంటే ఆవిరి యాడుంటాది?" అక్కడినుంచే లాగాలి.

విజిల్ వచ్చేటప్పుడు బయటికి పోయేది ఆవిరి ఒక్కటే కాదు. మొదట్లో గిన్నెలో ఉన్న మామూలు గాలిని కూడా ఆవిరి తోసుకుంటూ పోతుంది. నాలుగైదు విజిల్స్ అయ్యేసరికి లోపల గాలి చాలా కొంచెం మిగులుతుంది, తక్కినదంతా నీటి ఆవిరి. స్టవ్ ఆపాక ఆవిరి మళ్ళీ నీళ్ళైపోతుంది. ఒక లీటరు నీళ్ళు మరిగి ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా అవుతుంది. తిరిగి చల్లారితే ఆ చోటంతా ఖాళీ అయినట్టే.

అంకెల్లో కావాలంటే, ఉడికేటప్పుడు లోపల బయటి గాలికంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువ ఒత్తిడి, 120 డిగ్రీల వేడి. వేడి 100కు దిగితే లోపలి ఆవిరి ఒత్తిడి బయటి గాలితో సమానం. 80కి దిగితే సగానికి తక్కువ. 60కి దిగితే అయిదో వంతు. 100 డిగ్రీల దగ్గర గాలి లోపలికి దూరడానికి సందు దొరికితే ఏ గొడవా లేదు. దొరక్కపోతే బయటి గాలి మూతను నొక్కి కూర్చుంటుంది.

కాబట్టి మూతను పట్టుకున్నది లోపలి ఆవిరి కాదు, బయటి గాలి. కథలో కూతురు కనిపెట్టాల్సింది ఇదే.

కొండారెడ్డిబురుజు
సందు ఎందుకు దొరకదండీ? విజిల్ ఊరికే గొట్టం మీద కూర్చునే బరువే కదా. బిగించి ఉండదు. గాలి దాని కిందనుంచి దూరిపోతుంది. మీ లెక్కన రోజూ మన ఇళ్ళల్లో అన్ని కుక్కర్లూ అతుక్కుపోవాలి.

పెన్నఒడ్డు
ఈ అభ్యంతరం న్యాయమైనదే. విజిల్ లోపలినుంచి వచ్చేదాన్ని ఆపలేక లేస్తుంది, ఎందుకంటే ఆవిరి దాన్ని కిందినుంచి తోస్తుంది. లోపల ఒత్తిడి తగ్గినప్పుడు బయటి గాలి అదే విజిల్‌ను పైనుంచి నొక్కుతుంది, బిరడాలాగా కూర్చుంటుంది. కానీ బాగా అమరని విజిల్ అయితే కొంచెం కొంచెంగా గాలి దూరుతుంది. రబ్బరు పక్కనుంచీ దూరుతుంది. అందుకే రోజూ జరగదు. జరిగినా విజిల్ ఎత్తగానే "ష్" మని గాలి లోపలికి పోయి మూత వదులైపోతుంది.

రాత్రంతా అలాగే నిలబడాలంటే గొట్టమే మూసుకుపోయి ఉండాలి.

టవర్‌క్లాక్
ఉలవలకు ఎన్ని విజిల్స్ పెట్టాలి? మాకు నాలుగు పెట్టినా పలుకుగానే ఉంటున్నాయి.

ఉలవచారు_ఇష్టం
రాత్రి నానబెట్టండి, ఎనిమిది గంటలన్నా నానాలి. ఒక గ్లాసు ఉలవలకు నాలుగు గ్లాసుల నీళ్ళు, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై నిమిషాలు. విజిల్స్ లెక్కపెట్టడం కంటే సన్న మంట మీద టైం చూసుకోవడం మేలు. ఆ నీళ్ళు పారబోయకండి, చారు దాంతోనే.

ఇక్కడే ఇంకో మాట కూడా. పప్పులూ ఉలవలూ అలసందలూ నీళ్ళతో కలిపి కుక్కర్లో సగం దాటకూడదు. పొంగుతాయి, పొట్టు లేస్తుంది. అర చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. కథలో చివరి విజిల్‌కు రంగునీళ్ళు చిమ్మాయని రాశారు చూడండి, నాకు దొంగ అక్కడే దొరికాడు.

పెన్నఒడ్డు
సరిగ్గా పట్టుకున్నారు. గోడపత్రికగారు తెలిసి రాశారో తెలియక రాశారో, ఆధారం మొదటి పేరాలోనే పడింది. రంగునీళ్ళు చిమ్మాయంటే నురగ గొట్టంలోకి ఎక్కిందన్నమాట. నురగతో పాటు ఉలవ పొట్టు కూడా ఎక్కింది. అప్పుడే స్టవ్ ఆపేశారు. ఇంకో విజిల్ వచ్చుంటే ఆవిరి ఆ పొట్టును బయటికి ఊదేసేది. రాకపోయేసరికి పొట్టూ గంజీ గొట్టంలోనే ఉండిపోయి రాత్రంతా ఎండి, మేకులా బిగిసింది.

గోడపత్రిక_అనంత
తెలియకే రాశాను. ఉలవలు ఉడకేసేటప్పుడు కనిపించే దృశ్యం కదా అని వేశాను. అయితే ఇప్పుడు అదే కథకు ప్రాణం.

మూత మీద ఎంత బరువు ఉంటుందో పిల్లలకు లెక్క కట్టి చూపించవచ్చా?

పెన్నఒడ్డు
చూపించవచ్చు. గిన్నె నోరు 20 సెంటీమీటర్లు అనుకుంటే 3.14 × 10 × 10, అంటే 314 చదరపు సెంటీమీటర్లు. గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున నొక్కుతుంది. లోపల కొంత గాలి మిగిలింది, రాత్రి కొంత దూరింది అని సగమే లెక్క వేసుకున్నా 157 కిలోలు. యాభై కిలోల బియ్యం బస్తాలు మూడు మూత మీద పెట్టినట్టు. అమ్మ పిడి తిప్పలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

1650ల్లో జర్మనీలో మాగ్డెబర్గ్ ఊరికి చెందిన ఓట్టో ఫాన్ గెరిక రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడేసి, రెండు పక్కలా గుర్రాలు కట్టి లాగించాడు. విడిపోలేదు. సైన్సు పాఠంలో బొమ్మ ఉంటే దాని పక్కనే మీ కథ అంటించండి.

కొండారెడ్డిబురుజు
సరే, ఒప్పుకుంటున్నాను. అయితే అమ్మ చన్నీళ్ళు పోయడం వల్ల ఇంకా బిగిసినట్టేగా?

పెన్నఒడ్డు
పొద్దున అయిదింటికి పెద్ద తేడా రాదు, అప్పటికే గది వేడికి వచ్చేసింది. రాత్రి స్టవ్ దించిన వెంటనే, గొట్టం మూసుకుని ఉండగా పోసుంటే మాత్రం నిమిషంలో బిగిసేది. కథలో అమ్మ పోసిన నీళ్ళు అలాగే ఉంచండి. రోజూ పనికొచ్చే ఉపాయం ఈ ఒక్కరోజు ఎందుకు పనిచేయలేదన్నది పిల్లల్ని ఆలోచింపజేస్తుంది.

సామానులంగడి_కడప
ఇంగ స్టవ్ సంగతి. సార్ రాసిన ముగింపు ఆలోచన సగం సరే. మళ్ళీ వేడి చేస్తే లోపల ఆవిరి పుట్టి బయటి గాలికి సమానమైతాది, మూత వదులైతాది. అది మూతను పైకి తోయడం కాదు, పైనున్న నొక్కుడు తీసేయడం. కానీ ఆ ముగింపు పిల్లల పత్రికలో పెట్టొద్దు. గొట్టం మూసుకున్న కుక్కర్‌ను స్టవ్ మీద పెట్టి ఒక నిమిషం ఎక్కువైందంటే ఆవిరి పోయే దావ లేదు. సేఫ్టీ వాల్వ్ ఉంటాది, కరిగి ఆవిరి వదులుతాది, నిజమే. అది పాతదై గంజి పట్టిపోయి ఉంటే?

వేడి చేయాల్సి వస్తే స్టవ్ వద్దు. పెద్ద గిన్నెలో బాగా వేడినీళ్ళు పోసి కుక్కర్‌ను సగం మునిగేట్టు పది నిమిషాలు నిలబెట్టండి. వేడినీళ్ళు వంద డిగ్రీలు దాటవు కాబట్టి లోపలి ఆవిరి బయటి గాలిని మించి పోదు. లోపలి ఉలవలు కూడా వేడెక్కాల గదా, అందుకే టైం పడతాది.

స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించడం, సుత్తితో పిడి మీద కొట్టడం, ఇద్దరు పట్టుకోని చెరో పక్క తిప్పడం, ఈ మూడూ మాత్రం వద్దే వద్దు. పిడి విరుగుతాది, అంచు సొట్ట పడితే ఆ కుక్కర్ ఇంగ జన్మలో ఆవిరి పట్టదు.

ఉలవచారు_ఇష్టం
వేడినీళ్ళ కంటే ముందు పిన్నీసుతో గొట్టం పొడిస్తే సరిపోదా? గాలి దూరితే అయిపోయె.

సామానులంగడి_కడప
అదే మొదటి పని అక్కా. కానీ ఒక షరతు. గిన్నె పూర్తిగా చల్లగా ఉండాల. గోరువెచ్చగా ఉన్నా వద్దు. గొట్టం మూసుకోని లోపల ఆవిరి ఇంకా ఉంటే, పొడిచిన క్షణంలో వేడి గంజి పైకి చిమ్మి చేతి మీదా మొగం మీదా పడతాది. వేడిగా ఉండి, విజిల్ ఎత్తినా ఏమీ రాకపోతే, దాన్ని ముట్టుకోకుండా గంటలు గంటలు వదిలేయడమే.

కమలాపురం_చిట్టి
చల్లగా ఉన్నప్పుడు గాలి లోపలికి పోతోందా, బయటికి వస్తోందా అని ఎలా తెలుసుకోవాలి? రెండిటికీ "ష్" అనే వస్తుంది కదా.

పెన్నఒడ్డు
గొట్టం మీద ఒక చుక్క నీళ్ళు వేయండి. ఆవిరి బయటికి వస్తుంటే చుక్క ఎగిరిపోతుంది. గాలి లోపలికి పోతుంటే చుక్క మాయమవుతుంది. గొట్టం మూసుకుని ఉంటే ఎక్కడ వేసింది అక్కడే ఉంటుంది. అగరబత్తి పొగ కూడా చూపిస్తుంది గానీ నీటిచుక్క అంత స్పష్టంగా ఉండదు.

గోడపత్రిక_అనంత
ఈ చుక్క నాకు కావాలి. ముగింపు మళ్ళీ రాశాను, చూడండి.

అమ్మ విజిల్ ఎత్తింది. ఏ శబ్దమూ రాలేదు. "సూడు, ఆవిరి లేదు. మరి మూత ఎందుకు రాదు?" అంది. కూతురు స్టవ్ వైపు చూసింది. రాత్రి చిమ్మిన గోధుమరంగు నీళ్ళు ఎండి చారలు కట్టి ఉన్నాయి, వాటిలో ఒక ఉలవ పొట్టు. చెంచాతో ఒక నీటిచుక్క గొట్టం మీద వేసింది. చుక్క ముత్యంలా అలాగే నిలబడింది. "మా, ఇది మూసుకోనుండాది." అమ్మ గిన్నె చుట్టూ చెయ్యి పెట్టి, ఎక్కడా వేడి లేదని చూసుకుని, చీర కొంగునున్న పిన్నీసు తీసి, మొగం పక్కకు పెట్టి గొట్టంలో గుచ్చింది. ఏదో కరకరమంది. "ష్" మని సన్నగా శబ్దం, చుక్క లోపలికి పోయింది. అమ్మ పిన్నీసు పట్టుకునే ఉంది. "బయటికి రావాల్సింది లోపలికి పోయెనే!" అంది. కూతురు పిడి మీద రెండు వేళ్ళు పెట్టి తిప్పింది.

ఉలవచారు_ఇష్టం
బాగుంది. "రెండు వేళ్ళు" దగ్గర ఆపడం ఇంకా బాగుంది. పిన్నీసు అమ్మ చేతిలో ఉండటం సరైన పని, పిల్ల చేతికి ఇవ్వకండి.

సామానులంగడి_కడప
ఒక్క మాట ఒప్పుకోలేను సార్. రెండు వేళ్ళతో రాదు. రాత్రంతా ఉలవ గంజి రబ్బరు మీద ఎండి ఉంటాది. గాలి దూరినా రబ్బరు గిన్నె అంచును పట్టుకోనే ఉంటాది. పిడి కింద అరచేత్తో రెండు దెబ్బలు తట్టితే కదులుతాది. మా అంగడికి మూత రాలేదని తెచ్చేవాటిలో గాలి తక్కువైనవాటికంటే రబ్బరు గట్టిపడి అతుక్కున్నవే ఎక్కువ.

పెన్నఒడ్డు
అంగడిదాకా వచ్చేవి అవే ఉంటాయి. గాలి తక్కువైనవి విజిల్ ఎత్తగానే ఇంట్లోనే తెరుచుకుంటాయి, మీదాకా రావు. ఈ కథలో గంజి వాటా ఎంత, గాలి వాటా ఎంత అంటే, రబ్బరు కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మెత్తని రబ్బరైతే రెండు వేళ్ళు చాలని నేను ఇప్పటికీ అంటాను.

సామానులంగడి_కడప
మెత్తని రబ్బరైతే రాత్రంతా గాలి దూరకుండా బాగా పట్టుకుంటాది, సరే. ఆ గంజి మెత్తని రబ్బరుకు కూడా అంటుకుంటాది అన్నా. ఉలవ గంజి ఎండితే చేత్తో రుద్దినా పోదు, నానబెట్టాల్సిందే.

కొండారెడ్డిబురుజు
పరీక్ష చేసి చూడొచ్చు కదా. చుక్క లోపలికి పోయాక, శబ్దం పూర్తిగా ఆగేదాకా ఉండి అప్పుడు తిప్పాలి. అప్పటికీ రాకపోతే అది గంజి పనే. పిన్నీసు గుచ్చకముందు ఎంత గట్టిగా ఉందో, గుచ్చాక ఎంత ఉందో తేడా తెలుస్తుంది.

గోడపత్రిక_అనంత
శబ్దం ఆగేదాకా వాళ్ళు ఎదురుచూసే వాక్యం ఒకటి కలుపుతాను. "రెండు వేళ్ళు" తీసేసి "అరచేత్తో ఒకసారి తట్టి" అని రాస్తాను. బడిలో పాత కుక్కర్ ఒకటుంది, సోమవారం పిల్లలతోనే ఉలవలు నానబెట్టిస్తాను. గొట్టాన్ని కావాలని పొట్టుతో మూయను, విజిల్ ఎత్తకుండా చల్లారనిచ్చి చుక్క వేసి చూస్తాం. రబ్బరు కొత్తది వేసి ఒకసారి, పాతది వేసి ఒకసారి.

సామానులంగడి_కడప
స్టవ్ ఆపేది మీరే ఆపండి సార్. మూత తీసినాక గొట్టాన్ని కిందిపక్కనుంచి కూడా పొడిచి, వెలుతురుకు పెట్టి చూడండి. అవతలి వెలుగు గుండ్రంగా కనపడాల. మసగ్గా కనపడితే పొట్టు ఇంకా ఉండాదని అర్థం, మళ్ళీ స్టవ్ ఎక్కించొద్దు.

కమలాపురం_చిట్టి
కిందికి నొక్కితే "టప్" మంది. వచ్చేసింది. రబ్బరు అంచున తెల్లగా గంజి పొర ఉంది.